ఒక్క పేజీతో మారిపోయే బ్రోకర్

ఆ ఉత్తరం మొత్తం పది పన్నెండు పంక్తులు దాటదు. కంపెనీ లెటర్‌హెడ్ మీద ఇన్సూరెన్స్ కంపెనీకి రాస్తారు. "ఈ కింది పాలసీలకు ఫలానా తేదీ నుంచి ఫలానా సంస్థను మా బ్రోకర్‌గా నియమిస్తున్నాం. ఇంతకుముందు చేసిన నియామకాలన్నీ దీంతో రద్దు. మా పాలసీల గురించి వాళ్లు ఏ సమాచారం అడిగినా ఇవ్వండి" అన్నది దాని సారాంశం. కింద పాలసీ నంబర్లు, కంపెనీ అధికారి సంతకం, హోదా, తేదీ ఉంటాయి. అమెరికాలో దీని పేరు బ్రోకర్ ఆఫ్ రికార్డ్ లెటర్. ఆఫీసుల్లో పొడి అక్షరాల్లో బి.ఓ.ఆర్. అంటారు. ఇది చేరిన కొద్ది రోజుల్లో ఒక బ్రోకర్‌కి ఏటా వస్తున్న వేల డాలర్ల ఆదాయం ఇంకొకరి ఖాతాకి మళ్లుతుంది. ఫ్యాక్టరీ యజమానికి మాత్రం చాలాసార్లు తాను ఏం చేశాడో పాత బ్రోకర్ కోపంగా ఫోన్ చేసినప్పుడే తెలుస్తుంది.

తెలుగువాళ్లకు ఈ కాగితం కొత్తదేమీ కాదు. విశాఖపట్నంలో, హైదరాబాద్‌లో కూర్చుని అమెరికా ఇన్సూరెన్స్ ఏజెన్సీల బ్యాక్ ఆఫీసు పని చేసేవాళ్లు ఎందరో ఉన్నారు. పాలసీ కాపీలు సరిచూడడం, సర్టిఫికెట్లు తయారుచేయడం, బ్రోకర్ మారితే సిస్టమ్‌లో రికార్డు మార్చడం వాళ్ల రోజువారీ పని. న్యూజెర్సీలో ప్లాంట్లు ఉన్న హైదరాబాద్ మందుల కంపెనీల ఫైనాన్స్ విభాగాలకైనా, అక్కడే సొంతంగా ఫ్యాక్టరీ పెట్టుకున్న ప్రవాసులకైనా ఎప్పుడో ఒకప్పుడు ఇలాంటి చిత్తుప్రతి మెయిల్‌లో వస్తుంది. "ఊరికే ఒక సంతకం పెట్టి పంపండి" అని దానికి ఒక చిన్న వాక్యం తోడై ఉంటుంది.

సంగతి విడమర్చడానికి ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. మిషిగన్ రాష్ట్రంలో ఇనుప రేకుల్ని ప్రెస్‌లలో నొక్కి కార్ల విడిభాగాలు చేసే ఫ్యాక్టరీ ఉంది. ఎనభై మంది కార్మికులు పనిచేస్తారు. దానికి ఐదు పాలసీలు ఉన్నాయి. భవనానికి, యంత్రాలకి కలిపి ప్రాపర్టీ పాలసీకి ఏడాదికి 70,000 డాలర్లు కడుతున్నారు. వస్తువు వల్లో ఫ్యాక్టరీ వల్లో బయటివాళ్లకు నష్టం జరిగితే ఆదుకునే జనరల్ లయబిలిటీకి 45,000, లారీలకు 35,000, కార్మికుల గాయాలకు పరిహారం ఇచ్చే వర్కర్స్ కాంపెన్సేషన్‌కు 60,000 అవుతున్నాయి. వీటిలో లయబిలిటీ పరిమితులు చాలకపోతే పైన ఆదుకునే అంబ్రెల్లా పాలసీకి 30,000. మొత్తం 2,40,000 డాలర్లు. అన్ని పాలసీలూ జులై 1న రెన్యువల్‌కు వస్తాయి.

ఈ సొమ్ములో బ్రోకర్ వాటా ఎంత? అమెరికాలో ప్రాపర్టీ, లయబిలిటీ వంటి పాలసీల మీద కమిషన్ సాధారణంగా ప్రీమియంలో 10 నుంచి 15 శాతం మధ్య ఉంటుంది. వర్కర్స్ కాంపెన్సేషన్ మీద అంతకంటే తక్కువ. మన ఉదాహరణలో మొదటి రకానికి 12 శాతం, రెండోదానికి 7 శాతం అనుకుంటే బ్రోకర్‌కి ఏడాదికి 25,800 డాలర్లు వస్తాయి. దీన్ని ఫ్యాక్టరీ యజమాని విడిగా చెల్లించడు. అది ప్రీమియంలోనే ఉంటుంది, ఇన్సూరెన్స్ కంపెనీ తీసి ఇస్తుంది. బ్రోకర్ మారడం యజమానికి ఖర్చులేని వ్యవహారంగా కనిపించేది అందుకే. ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి డబ్బు వెళ్తోందని అతనికి తట్టదు.

ఏప్రిల్‌లో ఇంకో బ్రోకర్ ఫ్యాక్టరీకి వచ్చాడు. ప్రీమియం తగ్గించగలనన్నాడు. ఫ్యాక్టరీ ప్రమాదాల లెక్క బాగుందని, ఇప్పటి బ్రోకర్ దాన్ని కంపెనీల ముందు సరిగా పెట్టడం లేదని చెప్పాడు. యజమానికి ఆశ కలిగింది. "సరే, కొటేషన్లు తెచ్చి చూపించు, చూద్దాం" అన్నాడు. ఇక్కడే అమెరికా ఇన్సూరెన్స్ వ్యాపారంలో ఒక పద్ధతి అడ్డొస్తుంది. బయట చాలామందికి అది తెలియదు.

ఒకే ఫ్యాక్టరీ గురించి ఇద్దరు బ్రోకర్లు ఒకే ఇన్సూరెన్స్ కంపెనీ దగ్గరికి వెళితే, ఆ కంపెనీ ఇద్దరికీ రేటు చెప్పదు. ఏ బ్రోకర్ దరఖాస్తు ముందు చేరితే అతని పేరున నమోదు చేసుకుంటుంది. రెండోవాడు వస్తే "ఇది ఇప్పటికే వేరొకరి పేరున ఉంది" అని తిప్పి పంపుతుంది. ఇప్పటికే పాలసీ ఇచ్చిన కంపెనీ అయితే పాలసీ మీద ఉన్న బ్రోకర్‌తో తప్ప ఎవరితోనూ మాట్లాడదు. దీన్నే ఆ వ్యాపారంలో మార్కెట్ బ్లాక్ అవడం అంటారు. తెలివైన పాత బ్రోకర్ రెన్యువల్‌కు మూడు నాలుగు నెలల ముందే మంచి కంపెనీలన్నిటికీ దరఖాస్తు పంపేసి దారులు మూసేస్తాడు. అందులో సగం కంపెనీలతో అతను గట్టిగా బేరమాడకపోయినా సరే, పేరు నమోదైతే చాలు.

కాబట్టి కొత్త బ్రోకర్‌కి రెండే దారులు. పాతవాడు ముట్టుకోని కంపెనీలకు వెళ్లాలి, లేదా యజమాని చేత బి.ఓ.ఆర్. ఉత్తరం రాయించుకుని ఆ తలుపులు తెరిపించుకోవాలి. రెండో దారి సులువు. అందుకే "కొటేషన్ తేవాలంటే ఈ చిన్న ఉత్తరం కావాలి" అన్న మాట వస్తుంది. అది అబద్ధమేమీ కాదు. అయితే ఆ ఉత్తరంతో పాత బ్రోకర్ ఉద్యోగం పోతుందన్న మాట ఆ వాక్యంలో ఉండదు. ఈ వ్యాపారంలో జరిగే తగాదాల్లో ఎక్కువ భాగం ఆ చెప్పని సగం నుంచే పుడతాయి.

మన ఫ్యాక్టరీ యజమాని సంతకం పెట్టాడు. ఉత్తరం ఇన్సూరెన్స్ కంపెనీకి చేరింది. కంపెనీ వెంటనే రికార్డు మార్చెయ్యదు. ముందు పాత బ్రోకర్‌కి ఒక నోటీసు పంపుతుంది: మీ క్లయింటు నుంచి బ్రోకర్ మార్పు ఉత్తరం వచ్చింది, ఇన్ని రోజుల్లో దాన్ని రద్దు చేస్తూ వేరే ఉత్తరం రాకపోతే మార్పు అమల్లోకి వస్తుంది అని. ఈ గడువు సాధారణంగా ఐదు నుంచి పది పనిదినాలు. ఎక్కువ చోట్ల ఇది ఇన్సూరెన్స్ కంపెనీలు తమకు తాము పెట్టుకున్న పద్ధతి. అందుకే కంపెనీ కంపెనీకీ తేడా ఉంటుంది. కొన్ని అసలు ఆగవు. ఇంకొన్ని "నిరీక్షణ గడువు వద్దు, వెంటనే అమలు చేయండి" అని ఉత్తరంలోనే రాసి ఉంటే ఒప్పుకుంటాయి.

ఈ గడువు పాత బ్రోకర్‌ని కాపాడడానికే పెట్టారని కొత్తవాళ్లు గొణుగుతారు. కొంతవరకు నిజమే. కానీ తెలియక సంతకం పెట్టిన యజమానికి వెనక్కి తగ్గే అవకాశం ఇచ్చేదీ ఈ పది రోజులే. వాటిని తీసేస్తే నష్టపోయేది ముందుగా అతనే.

నోటీసు అందిన రోజే పాత బ్రోకర్ ఫ్యాక్టరీకి ఫోన్ చేస్తాడు. పన్నెండేళ్ల స్నేహం, ఎన్నో సెటిల్ చేసిన క్లెయిములు గుర్తుచేస్తాడు. యజమాని తడబడతాడు. "నేను కొటేషన్ కోసమే అనుకున్నాను" అంటాడు. పాత బ్రోకర్ ఇంకో ఉత్తరం తయారుచేసి పంపిస్తాడు, మొదటి ఉత్తరాన్ని రద్దు చేస్తూ. యజమాని దాని మీదా సంతకం పెడతాడు. మూడో రోజు కొత్త బ్రోకర్ మళ్లీ వస్తాడు, మూడో ఉత్తరంతో.

మామూలు నియమం ప్రకారం ఆఖరి తేదీ ఉన్న ఉత్తరమే చెల్లుతుంది. అందుకే తేదీ లేని ఉత్తరాన్ని కంపెనీలు తిప్పి పంపుతాయి. కానీ ఉత్తరాలు ఇలా ఎదురుబొదురుగా వస్తుంటే అండర్‌రైటర్ ఓపిక పోతుంది. చాలా కంపెనీలు అప్పుడు నేరుగా యజమానికే ఫోన్ చేసి "మీకు ఎవరు కావాలో ఒక్కసారి తేల్చి చెప్పండి" అని అడుగుతాయి. ఈలోగా రెన్యువల్ పని ఆగిపోతుంది. జులై 1 ఆగదు. జూన్ మధ్యలో కూడా ఎవరు బ్రోకరో తేలని ఫ్యాక్టరీ ఫైలుని అండర్‌రైటర్ శ్రద్ధగా చదివి రేటు తగ్గిస్తాడని ఆశించడం కష్టం. అదే బ్రోకర్ మార్పు మీద నిజంగా మనసు ఉంటే రెన్యువల్‌కు తొంభై నుంచి నూట ఇరవై రోజుల ముందు తేల్చేసుకోవాలి. ఏప్రిల్ మధ్య అంటే ఇప్పటికే ఆలస్యం.

ఇద్దరి పట్టుదల సంగతి అలా ఉంచితే, సంతకం సరైనదే అయినా ఉత్తరం తిరిగి వచ్చే సందర్భాలు చాలా ఉంటాయి. వాటిలో ముఖ్యమైనది పేరు తేడా.

అమెరికాలో చిన్న, మధ్యతరగతి ఫ్యాక్టరీలు చాలావరకు ఒక పద్ధతి పాటిస్తాయి. వ్యాపారం ఒక కార్పొరేషన్ పేరున ఉంటుంది. ఫ్యాక్టరీ భవనం, స్థలం మాత్రం అదే కుటుంబానికి చెందిన వేరే ఎల్.ఎల్.సి. పేరున ఉంటాయి, కార్పొరేషన్ దానికి అద్దె కడుతుంది. పన్నుల కోసం, అప్పుల వాళ్ల నుంచి రక్షణ కోసం అలా ఏర్పాటు చేసుకుంటారు. పాలసీ మొదటి పేజీని డిక్లరేషన్స్ పేజీ అంటారు. అక్కడ మొదట రాసి ఉన్న పేరుకి 'ఫస్ట్ నేమ్డ్ ఇన్సూర్డ్' అని ప్రత్యేక హోదా ఉంటుంది. పాలసీ రద్దు చేయమనడం, షరతులు మార్పించుకోవడం, ప్రీమియం బాధ్యత, అన్నీ ఆ మొదటి పేరుకే. మన ఫ్యాక్టరీ ప్రాపర్టీ పాలసీలో మొదటి పేరు ఎల్.ఎల్.సి.ది అయితే, కార్పొరేషన్ లెటర్‌హెడ్ మీద వచ్చిన ఉత్తరం ఆ పాలసీకి పనికిరాదు. మిగతా నాలుగు పాలసీలు కొత్త బ్రోకర్‌కి మారిపోయి ప్రాపర్టీ ఒక్కటి పాతవాడి దగ్గరే ఉండిపోతుంది. యజమానికి ఒకే కుటుంబం, ఒకే ఫ్యాక్టరీ. పాలసీల్లో మాత్రం ఇద్దరు బ్రోకర్లు.

కామా, చుక్క దగ్గర కూడా జాగ్రత్త అవసరం. డిక్లరేషన్స్ పేజీలో పేరు ఎలా ఉంటే ఉత్తరంలో అలాగే రాయాలి. సంతకం చేసేవాళ్లు అధికారులై ఉండాలి: ప్రెసిడెంటు, ఫైనాన్స్ అధిపతి, యజమాని వంటివాళ్లు. పేరోల్ చూసే ఉద్యోగి సంతకం పెట్టి పంపితే కంపెనీ ఒప్పుకోకపోవచ్చు. దీనికి ప్రామాణిక ఫారం కూడా ఒకటి ఉంది. ఇన్సూరెన్స్ ఫారాలు రూపొందించే ఎకార్డ్ అనే సంస్థ 36వ నంబరు ఫారం బ్రోకర్ మార్పు కోసమే. కొన్ని కంపెనీలు ఉత్తరం బదులు దాన్ని తీసుకుంటాయి.

ఇంకొక చిక్కు పాలసీ ఎక్కడి నుంచి వచ్చిందన్నది. అంబ్రెల్లా పాలసీని మామూలు కంపెనీలు ఇవ్వకపోతే, పాత బ్రోకర్ హోల్‌సేల్ బ్రోకర్ అనే మధ్యవర్తి ద్వారా వేరే మార్కెట్ నుంచి కొని ఉండవచ్చు. అలాంటి పాలసీలో ఇన్సూరెన్స్ కంపెనీకి తెలిసినది హోల్‌సేలర్‌నే, ఫ్యాక్టరీ దగ్గరి బ్రోకర్‌ని కాదు. ఉత్తరం హోల్‌సేలర్‌కి వెళ్లాలి. కొత్త బ్రోకర్‌కి ఆ హోల్‌సేలర్‌తో వ్యాపార ఒప్పందం లేకపోతే పాలసీ కదలదు. మామూలు కంపెనీలకూ అంతే. కొత్త బ్రోకర్‌కి ఆ కంపెనీతో ఏజెన్సీ ఒప్పందం లేకపోతే ఉత్తరం ఎంత చక్కగా రాసినా చెల్లదు. సంతకం పెట్టే ముందు "ఈ ఐదు కంపెనీలతోనూ మీకు ఒప్పందం ఉందా?" అని కొత్తవాడిని అడిగే యజమానులు అరుదు.

ఇప్పుడు డబ్బు సంగతి. ఉత్తరం రెన్యువల్ ముందు వస్తే లెక్క తేలిక. కొత్త సంవత్సరం కమిషన్ కొత్త బ్రోకర్‌ది. అక్టోబర్‌లో, అంటే పాలసీ మధ్యలో వస్తే? చాలా కంపెనీలు ఆ పాలసీ సంవత్సరం ముగిసేదాకా కమిషన్‌ను పాత బ్రోకర్‌కే ఇస్తాయి. కొన్ని మార్పు తేదీ తర్వాతి లావాదేవీల మీద కొత్తవాడికి ఇస్తాయి. బ్రోకర్‌తో కంపెనీ చేసుకున్న ఒప్పందాన్ని బట్టి అది నడుస్తుంది. మొదటి పద్ధతి అయితే వచ్చే జులై దాకా కొత్త బ్రోకర్ పైసా రాకుండా పనిచేయాలి. సర్టిఫికెట్లు ఇవ్వాలి, క్లెయిములు చూడాలి, కొత్త యంత్రం వస్తే పాలసీలో చేర్పించాలి. కొందరు ఆ ఎనిమిది నెలలూ నిజాయితీగా పనిచేస్తారు. కొందరు ఫోన్ ఎత్తరు. పాలసీ మధ్యలో బ్రోకర్‌ని మార్చడం, సేవ మరీ పాడైపోతే తప్ప, లాభం లేని పని అని అనుభవజ్ఞులు అనడానికి ఇదే కారణం.

కమిషన్‌తో పాటు కనపడని ఆదాయం ఇంకొకటి మారుతుంది. మంచి వ్యాపారం తెచ్చిన బ్రోకర్లకు ఏడాది చివర ఇన్సూరెన్స్ కంపెనీలు అదనపు కమిషన్ ఇచ్చే ఆచారం ఉంది. దీని మీద 2004లో పెద్ద దుమారం లేచింది. న్యూయార్క్ అటార్నీ జనరల్ ఎలియట్ స్పిట్జర్ అప్పట్లో ప్రపంచంలోనే అతిపెద్ద బ్రోకర్లలో ఒకటైన మార్ష్ మీద కేసు వేశాడు. అదనపు కమిషన్ ఇచ్చే కంపెనీలకు వ్యాపారం మళ్లించారని, ఉత్తుత్తి బిడ్లు పెట్టించారని ఆరోపణ. 2005 జనవరిలో మార్ష్ 85 కోట్ల డాలర్లు చెల్లించేందుకు ఒప్పుకుంది. ఆ తర్వాత పెద్ద క్లయింట్లలో "మీకు డబ్బు ఎక్కడెక్కడి నుంచి వస్తోంది?" అని బ్రోకర్‌ని అడిగే అలవాటు పెరిగింది. చిన్న ఫ్యాక్టరీలు ఇప్పటికీ పెద్దగా అడగవు.

యజమానిని నిజంగా ముంచేది కమిషన్ తగాదా కాదు. రెండు ఆఫీసుల మధ్య జారిపోయే పనులు. మన ఉదాహరణలోనే మార్చిలో ఒక సంగతి జరిగింది. కార్ల కంపెనీ ఒకటి ఫ్యాక్టరీకి మెయిల్ పంపింది: మీరిచ్చిన బ్రాకెట్లలో కొన్ని విరుగుతున్నాయి, పరిశీలిస్తున్నాం అని. యజమాని దాన్ని ఫోన్‌లో పాత బ్రోకర్‌కి చెప్పాడు. బ్రోకర్ "చూద్దాంలే, ఇంకా ఎవరూ డబ్బు అడగలేదు కదా" అన్నాడు. ఇన్సూరెన్స్ కంపెనీకి తెలియజేయలేదు. ఏప్రిల్‌లో ఉత్తరం వెళ్లింది. పాత బ్రోకర్ ఫైలు మూసేశాడు. కొత్త బ్రోకర్‌కి ఆ మెయిల్ ఊసే తెలియదు. సెప్టెంబర్‌లో లాయరు నోటీసు వచ్చేసరికి ఇన్సూరెన్స్ కంపెనీ మొదటి ప్రశ్న "మీకు ఎప్పుడు తెలిసింది, మాకు ఎప్పుడు చెప్పారు?" అన్నదే. లయబిలిటీ పాలసీలు నష్టం కలిగించగల ఘటన జరిగిందని తెలిసినప్పుడే వీలైనంత త్వరగా తెలియజేయాలంటాయి. బ్రోకర్‌కి చెప్పడం అన్ని సందర్భాల్లోనూ కంపెనీకి చెప్పినట్టు కాదు. కొన్ని పాలసీలయితే ఆ పాలసీ కాలంలో తెలియజేసిన క్లెయిములకే చెల్లిస్తాయి. ఉద్యోగులు యాజమాన్యం మీద వేసే దావాలకు రక్షణ ఇచ్చే పాలసీలు సాధారణంగా ఆ రకమే. అక్కడ గడువు దాటితే ఇక అంతే.

ఉత్తరం మీద సంతకం పెట్టే రోజే గత ఏడాదంతా వచ్చిన ఫిర్యాదులు, చిన్న ప్రమాదాలు, లాయర్ల కాగితాలు అన్నీ వెతికి తీసి, ఇన్సూరెన్స్ కంపెనీకి నేరుగా రాతపూర్వకంగా తెలియజేస్తే ఈ గొయ్యి తప్పుతుంది. నడుస్తున్న క్లెయిములు ఎవరు చూస్తారో కూడా ఉత్తరంలోనే ఒక వాక్యంలో రాయాలి. సాధారణంగా ఉత్తరాల్లో అది ఉండదు. పాత బ్రోకర్ తాను ఇకమీదట బాధ్యుణ్ణి కాదంటాడు, కొత్తవాడు అది తనకు ముందటి సంగతి అంటాడు. రెండు మాటలూ పైకి సబబుగానే ఉంటాయి. ఒకటి మాత్రం నిజం: పాత బ్రోకర్ తాను చేసిన తప్పుకు బాధ్యుడే. ఉత్తరం దాన్ని మాఫీ చేయదు. అయితే దాన్ని కోర్టులో నిరూపించుకోవలసింది యజమాని.

సర్టిఫికెట్ల గొడవ చిన్నదే గాని తొందరగా బయటపడుతుంది. కార్ల కంపెనీలు, అద్దెకు యంత్రాలిచ్చినవాళ్లు, అప్పిచ్చిన బ్యాంకు, అందరూ ఫ్యాక్టరీకి ఇన్సూరెన్స్ ఉందని రుజువు అడుగుతారు. దానికి ఎకార్డ్ 25 అనే ఒక పేజీ సర్టిఫికెట్ ఇస్తారు. దాన్ని తయారుచేసేది బ్రోకర్ ఆఫీసు. రికార్డులో పేరు మారిన రోజు నుంచి పాత ఆఫీసు ఇవ్వదు. కొత్త ఆఫీసు దగ్గర ఎవరెవరికి ఇవ్వాలో జాబితా ఉండదు. విశాఖలో రాత్రి షిఫ్టులో కూర్చున్న ఉద్యోగికి ముందుగా అందే ఫిర్యాదు తరచూ ఇదే: సరుకు లారీ గేటు దగ్గర ఆగిపోయింది, సర్టిఫికెట్ గడువు తీరింది అని. పాత సర్టిఫికెట్ల జాబితా, తనఖా పెట్టుకున్న బ్యాంకుల పేర్లు, పూర్తి పాలసీ కాపీలు ఉత్తరం పంపకముందే యజమాని చేతిలో ఉండాలి. పంపాక అడిగితే పాతవాళ్లు ఇస్తారు, కానీ తీరిగ్గా.

ఇంతకీ మన యజమానికి కావలసింది ఏమిటి? కొత్త బ్రోకర్ పనితనం చూడడం. దానికి బి.ఓ.ఆర్. అవసరమే లేదు. గత ఐదేళ్ల క్లెయిముల చరిత్రను లాస్ రన్ అంటారు. తన లాస్ రన్‌ను ఇన్సూరెన్స్ కంపెనీ దగ్గర తానే అడిగి తెప్పించుకోవచ్చు. లేదా లాస్ రన్ ఇవ్వడానికి మాత్రమే అనుమతిస్తూ ఉత్తరం ఇవ్వవచ్చు. కొత్త బ్రోకర్ దాన్ని చదివి ఎక్కడ లోపముందో, ఏ కంపెనీకి ఎలా చూపిస్తాడో చెప్పగలడు. ఆ మాట నచ్చితే అప్పుడు ఉత్తరం. ఇంకో మార్గం కూడా ఉంది. కంపెనీల్ని ఇద్దరు బ్రోకర్లకూ ముందే పంచడం. "ఈ నాలుగు నీవి, ఈ నాలుగు అతనివి, ఎవరూ దాటొద్దు" అని ఇద్దరికీ రాతపూర్వకంగా ఇస్తే ఎవరి దారులూ మూసుకుపోవు. ఒక్క పాలసీ మీదే అసంతృప్తి ఉంటే ఉత్తరంలో ఆ ఒక్క పాలసీ నంబరే రాయవచ్చు. "మా పాలసీలన్నీ" అన్న మాటను కొత్త బ్రోకర్ చిత్తుప్రతిలో పెడతాడు, దాన్ని కొట్టెయ్యడం యజమాని హక్కు.

ఉత్తరం వల్ల మారనివి కూడా ఉన్నాయి. ఇన్సూరెన్స్ కంపెనీ మారదు. పాలసీలో ఉన్న రక్షణ మారదు. ప్రీమియం అప్పటికప్పుడు తగ్గదు. పాత బ్రోకర్ నెలల తరబడి పనిచేసి సాధించిన తగ్గింపు రేటు ఏప్రిల్‌లో కంపెనీ టేబుల్ మీద ఉంటే, మే నెలలో ఉత్తరంతో వచ్చిన కొత్త బ్రోకర్ దాన్నే యజమాని ముందు పెట్టి "చూశారా" అనడం కూడా జరుగుతుంది. బ్రోకర్ల మధ్య అన్నిటికంటే చేదైన తగాదా అది. యజమానికి దాన్ని పసిగట్టే ఉపాయం ఒకటుంది. రేటు ఎప్పుడు ఇచ్చారో తేదీతో సహా అండర్‌రైటర్ కాగితం అడగడమే.

మన దేశంలోనూ దీనికి చుట్టం ఉంది. ఇక్కడ ఇన్సూరెన్స్ బ్రోకర్లకు లైసెన్సులు ఇచ్చే పద్ధతి 2002 నిబంధనలతో మొదలైంది. హైదరాబాద్‌లో ప్రధాన కార్యాలయం ఉన్న ఐ.ఆర్.డి.ఎ.ఐ. బ్రోకర్ల ప్రవర్తనా నియమావళిలో, క్లయింటు తరఫున ఇన్సూరెన్స్ కంపెనీతో మాట్లాడాలంటే రాతపూర్వక మాండేట్ తీసుకోవాలని ఉంది. ఫ్యాక్టరీలు ఇచ్చేది ఆ మాండేట్ లెటరే. పాత మాండేట్ రద్దవుతుందా, ఏ పాలసీలకు, ఏ తేదీ నుంచి అన్న ప్రశ్నలు పటాన్‌చెరు ఫ్యాక్టరీకైనా మిషిగన్ ఫ్యాక్టరీకైనా ఒక్కటే.

మీ టేబుల్ మీద అలాంటి ఉత్తరం ఉంటే సంతకానికి ముందు ఒక వాక్యం కోసం వెతకండి: ఇంతకుముందటి నియామకాలు రద్దు అన్నది. "ఇది కొటేషన్ కోసమే" అని ఎవరు ఎంత నమ్మకంగా చెప్పినా, ఆ వాక్యం ఉంటే అది మీ బ్రోకర్‌ని మార్చే ఉత్తరమే. మార్చాలని మీరు ఇంకా నిర్ణయించుకోకపోతే లాస్ రన్ ఉత్తరం ఇచ్చి పంపండి.